డిలీట్ చేసిన చాట్ మెయిల్‌లో మళ్ళీ కనబడింది

ప్రశ్న: రెండేళ్ల క్రితం పొలం పంపకాల్లో మా ఆడపడుచుతో గొడవ వచ్చింది. అప్పుడు ఆవిడతో నడిచిన వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి నా జీమెయిల్‌కే పంపుకున్నాను. ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకి కూడా మెయిల్ చేశాను. మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడు రాజీ కుదిరింది. ఇద్దరం చాట్ తీసేశాం, నేను మెయిల్ కూడా డిలీట్ చేశాను. మొన్న మా అబ్బాయి హాల్ టికెట్ కోసం నా మెయిల్‌లో వెతుకుతుంటే ఆ ఫైలు మళ్ళీ పైకొచ్చింది. వాడు చదివాడేమోనని టెన్షన్. ఇంకా ఎక్కడెక్కడ మిగిలి ఉంటుంది? ఫోన్ మార్చినప్పుడు గూగుల్ డేటా మొత్తం కూడా ఒకసారి దించి పెట్టుకున్నాను.
— పేరు వద్దన్న పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీ మెయిల్ డిలీట్ కాలేదమ్మా, ఆర్కైవ్ అయి ఉంటుంది. నేను చూడకుండానే ఇలా చెప్పడానికి కారణం ఉంది. జీమెయిల్‌లో ట్రాష్‌లోకి వెళ్ళిన మెయిల్ మామూలు వెతుకులాటలో కనబడదు. పైగా అక్కడ 30 రోజులుండి అదే పోతుంది. మీ అబ్బాయి వెతికితే పైకి తేలిందంటే అది అసలు ట్రాష్‌కే వెళ్ళలేదన్నమాట. ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో మెయిల్‌ను వేలితో పక్కకు తోస్తే, సెట్టింగ్ మార్చుకోకపోతే, ఆర్కైవ్ అవుతుంది. ఇన్‌బాక్స్‌లోంచి మాయమవుతుంది కాబట్టి పోయిందనుకుంటాం. అది `All Mail`లో హాయిగా కూర్చుని ఉంటుంది.

చెరిపే పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. రాజీ అంటున్నారు. అది కాగితం మీదికి వచ్చిందా, నోటి మాటేనా? కోర్టులో దావా కానీ, పోలీసు ఫిర్యాదు కానీ ఇంకా నడుస్తుంటే దేన్నీ ముట్టుకోవద్దు, ముందు మీ వకీలును అడగండి. సాక్ష్యంగా రావలసిన ఫైలును కావాలని చెరిపితే అదే ఇంకో కేసు. అదీగాక ఫోన్లో అసలు చాట్ ఇప్పటికే పోయింది కాబట్టి మీకు మిగిలిన ఆధారం ఈ ఎక్స్‌పోర్టే కావచ్చు. ఉంచుకోవాలని ఆయన అంటే ఒక పెన్‌డ్రైవ్‌లో ఒక్క కాపీ వేసి, కాగితాలతో పాటు బీరువాలో పెట్టుకోండి. మిగతావన్నీ తీసేయవచ్చు. వ్యవహారం పూర్తిగా తేలిపోయి ఉంటే ఆ పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు.

ఆ ఫైలు ఏమిటో కూడా చెప్పాలి. వాట్సాప్‌లో మెసేజ్‌కు ఉండే తాళం ఈ ఫైలుకు ఉండదు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఉత్త రాత అది. ఇలా ఉంటుంది:

```
12/03/23, 9:41 pm - వదిన: ఆ మూడు గుంటల సంగతి అత్తమ్మకు చెప్పకు
12/03/23, 9:44 pm - వదిన: IMG-20230312-WA0007.jpg (file attached)
```

ఎక్స్‌పోర్ట్ చేసిన తర్వాత మీరు గానీ, ఆవిడ గానీ వాట్సాప్‌లో ఎన్ని మెసేజ్‌లు తీసేసినా ఇందులో ఒక్క అక్షరం కదలదు. మీరిద్దరూ రాజీపడి చాట్ చెరుపుకున్న విషయం దానికి తెలియదు కదా.

ఇప్పుడు వెతుకులాట. ఇది ఫోన్లో కాకుండా కంప్యూటర్ ముందు కూర్చుని చేయండి, లేబుళ్లు స్పష్టంగా కనబడతాయి. జీమెయిల్ తెరిచి పైన వెతికే గడిలో ఇది కొట్టండి:

```
in:anywhere filename:"WhatsApp Chat"
```

`in:anywhere` అంటే ట్రాష్, స్పామ్ కూడా కలిపి అని అర్థం. అది లేకపోతే ఆ రెండూ లెక్కలోకి రావు. వాట్సాప్ తనంతట తాను ఆండ్రాయిడ్‌లో `WhatsApp Chat with` అని, ఐఫోన్‌లో `WhatsApp Chat -` అని మొదలుపెట్టి, పక్కన మీరు ఫోన్లో ఆవిడ పేరు ఎలా సేవ్ చేసుకున్నారో అదే పెడుతుంది. అందుకే పేరు మొదటి రెండు మాటలతో వెతికితే చాలు.

ఒకటి కాదు, రెండు మూడు మెయిళ్లు దొరికినా ఆశ్చర్యపోకండి. ఫోటోలతో ఎక్స్‌పోర్ట్ చేస్తే చివరి 10,000 మెసేజ్‌లే వస్తాయి, ఫోటోలు లేకుండా అయితే 40,000 దాకా వస్తాయి. పాత మాటలు తెగిపోయాయని చాలామంది రెండోసారి ఫోటోలు లేకుండా చేసుకుంటారు. మీరూ అదే చేసి ఉంటే ఒకటి చిన్న ఫైలు, ఒకటి పెద్ద ఫైలు ఉంటాయి. వాటి దారులు వేరు, ఇక్కడే జాగ్రత్తగా చూడాలి.

చిన్నది మెయిల్‌కే అంటుకుని వెళ్తుంది. దాన్ని తీయడం సులభం. మెయిల్ తెరిచి చెత్తబుట్ట బొమ్మ నొక్కండి, తర్వాత ఎడమవైపు ట్రాష్‌లోకి వెళ్ళి అక్కడ `Delete forever` నొక్కండి. కొందరి జీమెయిల్‌లో ట్రాష్ అని కాక `Bin` అని ఉంటుంది, రెండూ ఒకటే. మీకు మీరే పంపుకున్న మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ, సెంట్‌లోనూ కనబడినా నిజానికి ఒకటే కాపీ, ఒకచోట తీస్తే రెండుచోట్లా పోతుంది. అదే ఇంట్లో ఇంకో జీమెయిల్‌కు, అంటే మీ వారి మెయిల్‌కో, మీ ఆఫీసు మెయిల్‌కో పంపి ఉంటే అది వేరే కాపీ. ఆ మెయిల్‌లోకి వెళ్ళి ఇదంతా మళ్ళీ చేయాలి.

పెద్దదాని సంగతి వేరు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన ఫైలు మెయిల్‌కు అంటుకోదు. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కి, మెయిల్‌లో దాని లింకు మాత్రం వెళ్తుంది. ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు ఉన్న చాట్ ఈ హద్దును ఇట్టే దాటుతుంది. అలాంటప్పుడు మెయిల్‌ను ట్రాష్‌లోంచి కూడా తుడిచేసినా పోయేది లింకే, ఫైలు డ్రైవ్‌లో అలాగే ఉంటుంది. మెయిల్ కింద ఉన్న ఫైలు బొమ్మ పక్కన డ్రైవ్ మూడు రంగుల త్రికోణం ఉందా అని చూడండి. ఉంటే మెయిల్ చెరపకముందే దాని మీద నొక్కి డ్రైవ్‌లో తెరవండి. మెయిల్ ముందే పోయి ఉంటే డ్రైవ్‌లో `WhatsApp Chat` అని వెతకండి. అప్పటికీ దొరకకపోతే, పేరు మార్చి ఉంటారు, ఈ పేజీకి వెళ్ళండి:

```
https://drive.google.com/drive/quota
```

ఇక్కడ మీ ఫైళ్లన్నీ బరువును బట్టి, పెద్దవి పైన, వరుసగా కనబడతాయి. పెళ్ళి వీడియోల మధ్య ఎక్కడో ఈ జిప్ తగులుతుంది.

దొరకగానే డిలీట్ నొక్కకండి. ముందు `Share` తెరిచి చూడండి. అక్కడ ఎవరెవరి మెయిల్ ఐడీలు ఉన్నాయో, కింద `General access` దగ్గర `Restricted` ఉందో, `Anyone with the link` ఉందో కనబడుతుంది. రెండోది ఉంటే ఆ లింకు చేతికి చిక్కిన ఎవరైనా తెరవగలరు. ముందు దాన్ని `Restricted` చేసి, పేర్లన్నీ తీసేసి, అప్పుడు ట్రాష్‌లో వేయండి. ఈ వరుస ఎందుకంటే, డ్రైవ్‌లో ట్రాష్‌లో పడ్డ ఫైలు పూర్తిగా పోయేదాకా, దాన్ని ముందే పంచుకున్నవాళ్లు కాపీ చేసుకునే వీలుంటుంది. డ్రైవ్ ట్రాష్ కూడా 30 రోజులు ఉంచుతుంది. అంతవరకూ ఆగకుండా మీరే లోపలికి వెళ్ళి `Delete forever` నొక్కండి.

ఇక మీరు చివరి వాక్యంలో తేలిగ్గా అనేసిన విషయానికి వద్దాం, నాకు అసలు అనుమానం దాని మీదే. గూగుల్ డేటా మొత్తం దించుకోవడం అంటే టేకౌట్. అందులో మెయిల్ కూడా ఎంచుకుని ఉంటే, మీ మెయిల్ మొత్తం ఒకే ఒక్క పెద్ద ఫైలుగా ఆ జిప్‌లో ఉంటుంది. దాని పేరు చాలావరకు ఇలా ఉంటుంది:

```
All mail Including Spam and Trash.mbox
```

పేరులోనే చెబుతోంది చూడండి, స్పామ్, ట్రాష్ సహా అని. మెయిళ్లకు అంటుకున్న ఫైళ్లు కూడా ఇందులోనే ఉంటాయి. అంటే మీరు వదినగారి చాట్ మెయిల్ చేసుకున్న తర్వాత టేకౌట్ తీసి ఉంటే, ఆ చాట్ ఈ ఫైలు కడుపులో ఉంది. డ్రైవ్‌ను కూడా ఎంచుకుని ఉంటే పెద్ద జిప్ కూడా అందులో ఉంది. ఇప్పటిదాకా చెప్పిన వెతుకులాట ఏదీ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే బయటికి కనబడే పేరు `takeout-` అని, తర్వాత తేదీ, అంతే. బీరువాలో ట్రంకుపెట్టె, అందులో సంచి, సంచిలో ఉత్తరం ఉన్నట్టు.

ఆ టేకౌట్ ఎక్కడుందో తేల్చాలి. తీసేటప్పుడు గూగుల్ రెండు దారులు చూపిస్తుంది. మెయిల్‌కు లింకు పంపమన్నారా, ఆ లింకు వారం రోజులే పనిచేస్తుంది, తర్వాత గూగుల్ దగ్గర ఆ జిప్ ఉండదు, మీరు దించుకున్న కంప్యూటర్‌లో మాత్రం ఉంటుంది. డ్రైవ్‌లో పెట్టమన్నారా, దానికి గడువు లేదు. డ్రైవ్‌లో `Takeout` అనే ఫోల్డర్‌లో మీరు తీసేదాకా అలాగే పడి ఉంటుంది, మీ 15 జీబీలోంచే చోటు తింటుంది. కంప్యూటర్ లేకుండా ఫోన్లోనే పని కానిచ్చేవాళ్లు ఎక్కువగా డ్రైవే ఎంచుకుంటారు. నా డ్రైవ్ నిండిపోయిందని ఓసారి చూసుకుంటే నాలుగు ముక్కలుగా టేకౌట్ జిప్‌లు బయటపడ్డాయి. ఎప్పుడు పెట్టానో కూడా గుర్తులేదు. ఊళ్ళోవాళ్లకు చెప్పేవాణ్ణి నేనే ఇలా ఉంటే, మీకు గుర్తులేకపోవడంలో తప్పేమీ లేదు.

పెద్ద డేటా అయితే టేకౌట్ ముక్కలుగా వస్తుంది, పేరు చివర `001`, `002` అని అంకెలు ఉంటాయి. మెయిల్ ఏ ముక్కలో ఉందో వెతుక్కుంటూ కూర్చోవద్దు. అందులోని ఫోటోలు మరెక్కడా లేవేమో ఒక్కసారి నిర్ధారించుకుని, ఫోల్డర్ మొత్తం తీసేయండి. ఫోటోల కోసమే ఉంచుకోవాలనుకుంటే వాటిని బయటికి తీసి, మెయిల్ ఉన్న ముక్క పోయేలా చూసుకోండి.

ఫోన్ సంగతి త్వరగా చెబుతాను. మెయిల్‌లోని ఫైలును ఎప్పుడైనా ఫోన్లో దించుకుని ఉంటే `Download` ఫోల్డర్‌లో ఒక కాపీ ఉంటుంది. జిప్ విప్పి ఉంటే పక్కనే అదే పేరుతో ఫోల్డర్ కూడా ఉంటుంది, జిప్ తీసినా ఆ ఫోల్డర్ పోదు. గూగుల్ ఫోటోస్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ విప్పిన ఫోటోలు అక్కడికీ ఎక్కి ఉంటాయి. తమ్ముడికి వాట్సాప్‌లో పంపారు కాబట్టి, పంపిన ఫైలు మీ ఫోన్‌లో ఇక్కడ కూడా దొరకవచ్చు:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Documents/Sent
```

పాత ఫోన్ ఇంకా ఇంట్లో డ్రాయర్‌లో ఉంటే దాన్ని కూడా ఛార్జింగ్ పెట్టి ఇదంతా చూడండి. దాన్ని అమ్మేసినా, ఎవరికైనా ఇచ్చేసినా, ఇచ్చేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేశారా అన్నదే ప్రశ్న. చేసి ఉంటే దాని గురించి మరిచిపోండి. వాట్సాప్ బ్యాకప్ గురించి కూడా అడుగుతారేమో. అది ఈ ఎక్స్‌పోర్ట్ ఫైలు కాదు, వేరే సంగతి. సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ దగ్గరికి వెళ్ళి చివరి బ్యాకప్ తేదీ చూడండి. మీరు చాట్ తీసేసిన తేదీ కంటే పాతదైతే `Back up` నొక్కండి, కొత్తది పాతదాని స్థానంలోకి వస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో లేని కాపీలు. తమ్ముడికి పంపిన దానికి ఇప్పుడు `Delete for everyone` పనిచేయదు, ఆ వీలు పంపిన రెండున్నర రోజుల వరకే. ఒకవేళ పనిచేసినా, అతను ఆ ఫైలును వేరేచోట దాచుకుని ఉంటే ఆ కాపీ పోదు. ఫోన్ చేసి అడగడమే మార్గం. ఉత్తినే "డిలీట్ చేయరా" అంటే చాట్‌లోంచి తీసి ఊరుకుంటాడు. ఫైల్స్ యాప్‌లో `WhatsApp Chat` అని వెతికి, వచ్చినవన్నీ తీసి, ట్రాష్ కూడా ఖాళీ చేయమనండి. లాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ వాడతాడా అని కూడా అడగండి. అక్కడ తెరిచి ఉంటే కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఇంకోటి ఉంటుంది.

జిరాక్స్ షాపు గురించి మీరు పెద్దగా బెంగపడినట్టు లేదు కానీ, నా దృష్టిలో అన్నిటికంటే పలచని చోటు అదే. ఊళ్ళో అందరి ఆధార్లు, పాస్‌బుక్కులు, మార్కుల మెమోలు వచ్చిపడే ఒకే ఒక్క జీమెయిల్ అది. రోజంతా తెరిచే ఉంటుంది, కౌంటర్ దగ్గర కూర్చున్న ఎవరి చేతిలోనైనా మౌస్ ఉంటుంది. మెయిల్ చెరిపే తీరిక వాళ్లకుండదు. మీరు వాళ్లకు పంపింది ఏ రకమో సెంట్‌లో చూడండి. ఈ మెయిల్‌ను మాత్రం అన్నీ అయ్యాకే తీయండి, ఎందుకంటే పంపిన తేదీ మీకు అవసరం. డ్రైవ్ లింకు పంపి ఉంటే అదృష్టం, పైన చెప్పినట్టు మీ డ్రైవ్‌లో ఫైలు పూర్తిగా తీసేస్తే వాళ్ల దగ్గర లింకు తెరుచుకోదు. ఫైలే అంటించి పంపి ఉంటే దాన్ని ఇక్కడి నుంచి వెనక్కి లాగే మార్గం లేదు. జీమెయిల్‌లో పంపింది ఆపుకునే వీలు ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే. ఏ రకంగా పంపినా వాళ్లు అప్పుడు దించుకుని ప్రింట్ తీసిన కాపీ ఉండనే ఉంటుంది.

అందుకని స్వయంగా వెళ్ళాలి. రద్దీ లేని వేళ, మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు వెళ్ళండి. ఫలానా తేదీన పంపిన మెయిల్‌లో మా ఇంటి కాగితాలు ఉన్నాయి, తీసేద్దాం అనండి. లోపల ఏముందో చెప్పనక్కర్లేదు. రెండేళ్ల మెయిళ్లలో వెతకమంటే వాళ్లు విసుక్కుంటారు. మీ మెయిల్ ఐడీని వాళ్ల వెతికే గడిలో కొట్టమంటే పది సెకన్లలో మీరు పంపినవన్నీ వస్తాయి. మెయిల్ తీయించి, ట్రాష్‌లోంచి తీయించి, కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో కూడా `WhatsApp Chat` అని వెతికించండి. ప్రింట్ తీయాలంటే ముందు దించుకునే ఉంటారు, అది అక్కడే ఉండిపోవడం మామూలే. విండోస్ అయితే రీసైకిల్ బిన్ కూడా. ఆ చాట్‌లో మీ ఆధార్ ఫోటో ఉండి ఉంటే, షాపువాళ్లు ఏం చేశారన్నదానితో నిమిత్తం లేకుండా, మైఆధార్ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి, వేలిముద్రతో మీ పేరు మీద ఎవరూ ఏ పనీ చేయలేరు.

అంతా అయ్యిందని ఎలా తెలుసుకోవాలంటే, మళ్ళీ మొదటి వెతుకులాటే. `in:anywhere` పెట్టి జీమెయిల్‌లో ఏమీ రాకూడదు. డ్రైవ్‌లో, డ్రైవ్ ట్రాష్‌లో, ఫోన్ ఫైల్స్‌లో అదే పేరు కొట్టినా రాకూడదు. `takeout` అని కూడా ఒకసారి కొట్టండి. మీరు చెరిపాక కూడా గూగుల్ తన లోపలి బ్యాకప్‌లలోంచి పూర్తిగా తుడవడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చని వాళ్లే చెబుతారు. అది మీకు గానీ, మీ అబ్బాయికి గానీ వెతికితే దొరికే చోటు కాదు, దాని గురించి నిద్ర మానుకోవద్దు.

మీ అబ్బాయి చదివాడా అన్నది జీమెయిల్ చెప్పదు. మెయిల్ ముందే మీరు తెరిచి ఉన్నారు కాబట్టి, చదివిన గుర్తు అప్పటిదే. డ్రైవ్ ఫైలైతే, దాన్ని మీరు తెరవకముందే, చెరపకముందే చూస్తే, డ్రైవ్‌లో `Recent` దగ్గర మీ ఖాతాలోంచి చివరిసారి తెరిచిన తేదీ కనబడుతుంది. వాడూ మీ ఖాతాలోనే ఉన్నాడు కాబట్టి, మొన్నటి తేదీ ఉంటే, మీరు తెరవకపోతే, తెరిచింది వాడే. అప్పుడైనా గద్దించకుండా అడగండి. హాల్ టికెట్లు వచ్చే వయసు కదా, వాడికి సొంత జీమెయిల్ ఒకటి చేసి, కాలేజీ ఫారాల్లో అదే ఇవ్వమనండి.